తిరుగు అనువాదం చక్కగా కుదిరింది, అయినా 8వ వాక్యం ఎదురు తిరుగుతోంది. తీసేయాలా?

జయనగర్_సుమ

అందరికీ నమస్కారం. బెంగళూరులో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఉద్యోగాల కోసం ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు యువతీయువకులకు తమ మీద తమకున్న అభిప్రాయం ఎలా ఉంటుందన్నది నా అంశం. దానికోసం మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో వెలువరించిన 10 వాక్యాల ప్రశ్నావళిని ఎంచుకున్నాను. ఇంగ్లీషు ధారాళంగా చదివేవాళ్లకు మూల ప్రతి ఇస్తున్నాను, మిగతావాళ్లకు మేం తయారు చేసిన తెలుగు ప్రతి.

అనువాదం పద్ధతిగానే చేశాం. ఇద్దరు ఎవరికి వారు తెలుగులోకి రాశారు. వారిలో ఒకరికి ఈ ప్రశ్నావళి దేన్ని కొలుస్తుందో తెలుసు, రెండోవారికి తెలియదు. రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి ఒక ప్రతిగా కూర్చాం. మూలాన్ని చూపకుండా దాన్ని మరో ఇద్దరికి ఇచ్చి ఇంగ్లీషులోకి రాయించాం. తర్వాత అందరం కూర్చుని పోల్చి చూశాం.

చిక్కు 8వ వాక్యంతో వచ్చింది. మా తెలుగు ఇది: "నా పట్ల నాకు మరింత గౌరవం ఉంటే బాగుండునని అనుకుంటాను." తిరుగు అనువాదాలు రెండూ దాదాపు మూలంలోని మాటలతోనే వచ్చాయి. పదింటిలో ఇంత చక్కగా కుదిరిన వాక్యం ఇంకొకటి లేదు. కాని చిన్న నమూనా మీద పెట్టి చూస్తే మిగతా తొమ్మిదింటితో దీనికి పొత్తు కుదరడం లేదు. మిగతా వాక్యాల మొత్తంతో దీని సహసంబంధం సున్నాకు కాస్త కిందికే పోయింది. ఇంగ్లీషు ప్రతిలో ఈ ఇబ్బంది కనిపించలేదు.

ఇంకో సంగతి. తెలుగు ప్రతి నింపినవాళ్ల సగటు ఇంగ్లీషు ప్రతి వాళ్లకంటే తక్కువగా ఉంది. "పద్ధతి పాటించాం కదా, ఉన్నది ఉన్నట్టు రాసేయండి" అని మా గైడు గారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. 8ని తీసేసి ముందుకు వెళ్లాలా?

రాగిసంకటి

సుమ గారూ, నేను డేటా విశ్లేషణలో పనిచేస్తాను, మనస్తత్వశాస్త్రం నా రంగం కాదు. అయినా రెండు మాటలు చెబుతాను.

ఒకటి, ఈ ప్రశ్నావళిలో సగం వాక్యాలు ప్రతికూలంగా ఉంటాయి కదా. 3, 5, 8, 9, 10 అనుకుంటాను. వాటికి మార్కులు తిరగేసి వేయాలి. 8కి తిరగేయడం జరిగిందో లేదో ముందు చూసుకోండి. ఇలాంటి ఫలితానికి మామూలుగా అదే కారణం.

రెండు, తిరుగు అనువాదం మూలంతో సరిపోయిందంటే అనువాదంలో దోషం లేదని తేలిపోయినట్టే. అప్పుడు లోపం నింపినవాళ్లదే అవుతుంది. చదవకుండా గీతలు పెట్టేసిన కాగితాలను ఏరి పక్కన పెట్టండి. ఆ తర్వాత కూడా కుదరకపోతే 8ని తీసేయండి, వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే ఆల్ఫా తప్పకుండా పెరుగుతుంది. తీసేయడం కొత్తేమీ కాదు. చైనీస్ ప్రతుల్లో ఇదే 8వ వాక్యం ఇబ్బంది పెడితే దాన్ని వదిలి తొమ్మిదింటితోనే లెక్క కట్టినవాళ్లు ఉన్నారు.

జయనగర్_సుమ

తిరగేశానండీ. 3, 5, 9, 10లకు కూడా అదే పద్ధతిలో వేశాను. ఆ నాలుగూ మిగతావాటితో బాగానే కలిసి నడుస్తున్నాయి. 8 ఒక్కటే తేడా.

కొలమానం

సుమ గారూ, మీకు మనసొప్పకపోవడం సబబే. నేను చాలాకాలం పరీక్షల తయారీలో పనిచేశాను. ఒక్కొక్కటే చూద్దాం.

మార్కులు తిరగేయడం మరచిపోతే సహసంబంధం సున్నా దగ్గర ఆగదు, గట్టిగా రుణాత్మకంలోకి పోతుంది. మిగతావాటితో బాగా కలిసే వాక్యమైతే అంతే బలంగా ఎదురు నిలబడుతుంది. సున్నా దగ్గర తచ్చాడుతోందంటే కథ వేరు. కొందరు దాన్ని ఒక రకంగా, మరికొందరు ఇంకో రకంగా చదివి, రెండు చదువులూ ఒకదాన్నొకటి కొట్టేసి ఉండాలి. ఇది మీ దగ్గరున్న కాగితాల్లోనే తెలిసిపోతుంది. మిగతా తొమ్మిది వాక్యాల మొత్తం ప్రకారం అందరినీ వరసలో పెట్టి పై మూడో వంతు మందిని చూడండి. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు వాళ్లు. 8తో వాళ్లలో దాదాపు ఎవరూ ఏకీభవించకూడదు. చాలామంది "ఒప్పుకుంటాను" అని ఉంటే, వాళ్లు అజాగ్రత్తగా నింపలేదు, ఆ వాక్యంలో ఇంకేదో చదివారు. రాగిసంకటి గారు చెప్పినట్టు అలాంటి కాగితాలను తీసేస్తే మీకు దారి చూపే సాక్ష్యాన్నే పారేసినట్టవుతుంది.

ఇక తిరుగు అనువాదం. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ దీన్ని పద్ధతిగా చెప్పినప్పటి నుంచి మన విశ్వవిద్యాలయాల్లో అదే అనువాదానికి సర్టిఫికెట్‌గా చెలామణీ అవుతోంది. అది పరీక్షించేది ఒక్కదాన్నే: మూలంలోని మాటలు తెలుగు గుండా ప్రయాణించి తిరిగి వచ్చాయా అన్నది. మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్లిలో సామాన్లు చేరవేసే కుర్రాడు ఆ వాక్యం విని దేని గురించి ఆలోచించాడో అది చెప్పదు. అనువదించిన నలుగురూ రెండు భాషలూ చదువుకున్నవాళ్లు. ప్రశ్నలు ఎదుర్కొనేవాళ్లలో అలాంటివాళ్లు ఎందరు?

కాబట్టి ఇప్పుడే తీసేయకండి. ముందు మనుషుల్ని అడగండి. తెలుగు ప్రతి నింపే తరహా మనుషుల్ని కొందరిని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివాక "ఇది మీకు ఏమని అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అనండి. జవాబు గుర్తుపెట్టాక "ఆ జవాబే ఎందుకు?" అనండి. మధ్యలో సాయం చేయకండి, తల ఊపకండి. వాళ్లన్నది అన్నట్టుగా రాసుకోండి. ఆరోగ్య ప్రశ్నావళుల అనువాదానికి 2000లో బీటన్ బృందం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ దశకు 30 నుంచి 40 మందిని తీసుకోమన్నారు. అంతమంది దొరక్కపోయినా ఒక్క వాక్యం విషయంలో పదిమంది దగ్గరే చాలా తేలుతుంది.

వైట్‌ఫీల్డ్_నాన్న

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. బడిలో చెప్పింది త్వరగా అందుకోలేకపోతున్నాడని తెలివితేటల పరీక్ష చేయించమన్నారు. పరీక్ష ఇంగ్లీషులో పెట్టారు, స్కోరు తక్కువ వచ్చింది. వాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, రెండేళ్ల క్రితం దాకా గుంటూరులో చదివాడు. ఆ ప్రశ్నలను తెలుగులోకి అనువదించి మళ్లీ పెట్టించవచ్చా? మీరందరూ ఆ పనిలో ఉన్నట్టున్నారు కాబట్టి అడుగుతున్నాను.

కొలమానం

ఇందులో అనుకోవడానికేమీ లేదండీ. సుమ గారిది వేరే రకం ప్రశ్నావళి. అందులో సరైన జవాబు, తప్పు జవాబు అంటూ ఉండవు. మీవాడి పరీక్షలో ఉంటాయి, అందుకే అక్కడ చిక్కు ఇంకా పెద్దది. ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగులో అడిగితే పిల్లవాడికి అర్థమవుతుంది, నిజమే. కాని వచ్చిన మార్కులను ఏ పట్టికలో చూస్తారు? ఆ పట్టిక ఇంగ్లీషులో ఆ పరీక్ష రాసిన పిల్లలను బట్టి కట్టింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. అంకెల వరుస విని తిరిగి చెప్పమంటారు కదా. ఇంగ్లీషు అంకెలు చాలావరకు ఒకే అక్షరంలో పలికిపోతాయి. మనవి "నాలుగు", "తొమ్మిది" అని సాగుతాయి. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు జ్ఞాపకంలో తక్కువ నిలుస్తాయని వెల్ష్ భాష మాట్లాడేవాళ్ల మీద 1980లోనే చూపించారు. అంటే అనువాదం అచ్చుగుద్దినట్టున్నా ప్రశ్న కష్టం మారిపోతుంది.

వి.వి. కామత్ గారు బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మార్చినప్పుడు అనువాదంతో ఆగలేదు. ఇక్కడి పిల్లలకు పెట్టి, ఏ ప్రశ్న ఏ వయసుకు తగుతుందో మళ్లీ నిర్ణయించారు. మీరు పరీక్ష చేసిన సైకాలజిస్టును కలిసి, అబ్బాయి ఇంటి భాష తెలుగని, బడి మారి రెండేళ్లే అయిందని నివేదికలో రాశారో లేదో అడగండి. భాష అవసరం తక్కువగా ఉన్న భాగాల్లో ఎలా చేశాడో విడిగా చెప్పమనండి. ఆ ఒక్క స్కోరుతోనే నిర్ణయానికి రాకండి.

వైట్‌ఫీల్డ్_నాన్న

చాలా కృతజ్ఞతలండీ. నివేదిక తీసి చూశాను, ఇంటి భాష గురించి అందులో ఒక్క ముక్కా లేదు. రేపు ఫోను చేస్తాను.

తర్జుమా_వసుధ

నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని, ఆసుపత్రుల సమ్మతి పత్రాలు, సర్వే ప్రశ్నలు ఎక్కువగా చేస్తాను. తిరుగు అనువాదం గురించి లోపలి సంగతి ఒకటి చెప్పాలి.

తిరుగు అనువాదంలో అందరికంటే బాగా నెగ్గేది మాటకు మాటగా చేసిన తెలుగే. "నా పట్ల నాకు మరింత గౌరవం" అన్న మాటలను చూడగానే వాటి వెనక ఏ ఇంగ్లీషు ఉందో నాలాంటివాళ్లకు వెంటనే తడుతుంది. తెలుగు మీద నుంచి చూపు జారి కిందున్న ఇంగ్లీషు మీద పడుతుంది. మూలాన్ని చూపకపోయినా ఊహించి కట్టేస్తాం. అదే ఒక అనువాదకుడు కష్టపడి, జనం నిజంగా అనే మాటల్లో రాశాడనుకోండి. తిరుగు అనువాదంలో అది కాస్త వేరే ఇంగ్లీషుగా వస్తుంది, సమావేశంలో "ఇది మూలానికి దూరంగా ఉంది" అని కొట్టేస్తారు. మంచి వాక్యం పోయి బిరుసు వాక్యం మిగలడం ఎన్నో ప్రాజెక్టుల్లో చూశాను. ఇది మారాలని నా పట్టుదల. పదింటిలో అన్నిటికంటే చక్కగా కుదిరిందని మీరన్న వాక్యాన్నే నేను ముందుగా అనుమానిస్తాను.

తెలుగులో గౌరవం ఒకరు మరొకరికి ఇచ్చేది. పెద్దలకిస్తాం, ఊళ్లో ఉంటుంది, ఉద్యోగంతో వస్తుంది. అది తన మీద తనకు ఉండేదని చెబితే వినేవాడు తనకు తెలిసిన అర్థంలోకి దాన్ని సర్దుకుంటాడు. "నాకు ఇంకా గౌరవం దక్కితే బాగుండును" అని వింటాడు. దానికి ఎవరు కాదంటారు?

ఇంకొకటి, కాగితం పైన శీర్షిక ఏం పెట్టారు? "ఆత్మగౌరవ ప్రశ్నావళి" అని పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. 1982లో ఎన్టీ రామారావు గారు తెలుగువారి ఆత్మగౌరవం అన్నప్పటి నుంచి ఆ మాటకు మన దగ్గర వేరే బరువుంది. దాన్ని చదివినవాడు తలెత్తుకుని జవాబిస్తాడు. "మీ గురించి మీ అభిప్రాయాలు" అంటే చాలు.

కె.ఆర్.పురం_లీల

నేను పరిశోధకురాలిని కాను. సర్వేల్లో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు చదివి, జవాబులు రాసుకునే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మా కుటుంబం తరాలుగా బెంగళూరులోనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకే అడుగుతున్నాను సుమ గారూ, తెలుగు ప్రతిని వాళ్లే చదివి నింపారా, మీరు చదివి వినిపించారా?

చదివి వినిపించి ఉంటే 8 కంటే ముందు 5ను చూడండి. "గర్వపడడానికి నాలో పెద్దగా ఏమీ లేదు" లాంటి వాక్యం ఉంటుంది కదా. చదివి ఆగుతాను. అవతలివాళ్లు "లేదు" అంటారు. ఆ "లేదు"ను ఏ గడిలో వేయాలి? "ఏమీ లేదు" అన్న మాటను ఒప్పుకుని తిరిగి చెప్పారా, లేక ఆ వాక్యాన్నే కాదన్నారా? మనవాళ్లు రెండు విధాలుగానూ అంటారు. "అవును" అన్నా అంతే సందేహం, "అవును, లేదు" అని కలిపి అనేవాళ్లూ ఉన్నారు. గొంతును బట్టి నేను ఒక గడిలో వేస్తాను, ఇంకో అమ్మాయి ఇంకో గడిలో వేస్తుంది. పైకి అందరి కాగితాలూ శుభ్రంగా కనిపిస్తాయి.

జయనగర్_సుమ

లీల గారూ, ఇది నాకు తట్టలేదు. తెలుగు ప్రతిలో సగానికి పైగా చదివి వినిపించినవే. కొందరికి తెలుగు వచ్చు, లిపి చదవడం రాదు. మీలాగే ఇక్కడ పుట్టి కన్నడం చదువుకున్న స్నేహితులు కూడా కొందరు ఉన్నారు. ఇంగ్లీషు ప్రతి మాత్రం అందరూ స్వయంగా నింపారు.

కొలమానం

అయితే ఇక్కడ రెండు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. తెలుగు, ఇంగ్లీషు అన్న తేడాతోపాటు, మనిషి ఎదుట నోటితో చెప్పడం, ఒంటరిగా కాగితం మీద గుర్తుపెట్టడం అన్న తేడా కూడా చేరింది. ఎదుట మనిషి ఉన్నప్పుడు "నేను ఎవరికీ తీసిపోను" అని గట్టిగా అనడానికి మన దగ్గర చాలామంది వెనకాడతారు. సగటు తక్కువ రావడానికి అదొక్కటే చాలవచ్చు. ఇప్పుడున్న సమాచారంతో ఈ రెంటినీ విడదీయలేరు. తర్వాతి విడతలో తెలుగు చదవగలిగినవాళ్లను చీటీ వేసి రెండుగా చేయండి, సగం మందికి చదివి వినిపించండి, సగం మంది చేత నింపించండి. భాష ఒకటే కాబట్టి అప్పుడు వచ్చే తేడా పద్ధతిదే అవుతుంది.

రాగిసంకటి

తిరుగు అనువాదం గురించి నేను అన్నదానికి వసుధ గారి మాట గట్టి జవాబే. సగటు గురించి కాగితం మీద ఒక లెక్క వేసి చూశాను. ఒక్కో వాక్యానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. తన మీద తనకు పూర్తి తృప్తి ఉన్న మనిషి ఇంగ్లీషు ప్రతిలో అన్నిటికీ 3 తెచ్చుకుంటాడు, 30 వస్తాయి. అదే మనిషి తెలుగు ప్రతిలో 8వ వాక్యాన్ని మంచి కోరికగా చదివి "పూర్తిగా ఒప్పుకుంటాను" అంటే, తిరగేసినప్పుడు అక్కడ 0 పడుతుంది. మొత్తం 27. మనిషి మారలేదు, 3 మార్కులు పోయాయి.

ఇంకోటి, వాక్యం ఏదైనా "ఒప్పుకుంటాను" అనేసే మనిషి ఉంటాడు. అనుకూల వాక్యాలు ఐదింటికీ రెండేసి చొప్పున 10, ప్రతికూలమైనవాటికి తిరగేశాక ఒక్కొక్కటి చొప్పున 5, మొత్తం 15. సరిగ్గా మధ్యలో పడతాడు. మొత్తాన్ని చూస్తే మామూలు మనిషే అనిపిస్తాడు. చదవకుండా గీతలు పెట్టారని నేను అన్నది ఇలాంటివాళ్ల గురించి. వాళ్లను వాక్యవారీగా చూస్తేనే పట్టుకోగలం.

8వ వాక్యం భాషను బట్టి వేరుగా నడుస్తోందా అన్నది చూడడానికి ఆర్‌లో ఇలా చేయవచ్చు. `rest` అంటే మిగతా తొమ్మిది వాక్యాల మొత్తం, `lang` అంటే నింపిన ప్రతి.

```r
library(MASS)
m1 <- polr(factor(q8) ~ rest, data = d)
m2 <- polr(factor(q8) ~ rest + lang, data = d)
m3 <- polr(factor(q8) ~ rest * lang, data = d)
anova(m1, m2, m3)
```

మొదటిదానికంటే రెండోది బాగా మెరుగైతే, మిగతా మొత్తం సమానంగా ఉన్న ఇద్దరు కూడా భాషను బట్టి 8కి వేరు జవాబులిస్తున్నట్టు. మూడోది ఇంకా మెరుగైతే ఆ తేడా తక్కువ స్కోరు వాళ్లలో ఒకలా, ఎక్కువ స్కోరు వాళ్లలో ఇంకోలా ఉన్నట్టు. 8 ఈ పరీక్షలో తప్పి, మిగతావి నెగ్గితే తొమ్మిదింటితో సగటులు పోల్చేయవచ్చు కదా?

కొలమానం

లెక్క చాలా బాగుంది. మూడో మెట్టునే జాగ్రత్తగా చూడండి సుమ గారూ. నా ఊహ సరైనదైతే 8 తేడా పై స్కోరు వాళ్లలోనే ఎక్కువగా కనిపించాలి, తమ మీద చిన్నచూపు ఉన్నవాళ్లు ఎలా చదివినా ఒప్పుకునేవారే కాబట్టి. అయితే దీనికి రెండు ప్రతుల్లోనూ తగినంత మంది కావాలి. గుంపుకు 200 మంది దాకా ఉంటే ఫలితాన్ని నమ్మవచ్చు. చిన్న నమూనాలో తేడా తేలలేదంటే తేడా లేదని అర్థం కాదు.

చివరి ప్రశ్నకు మాత్రం నా జవాబు వేరు. ఈ పరీక్షలో కొలబద్ద మిగతా తొమ్మిది వాక్యాలే. ఆ తొమ్మిదీ కలిసి ఒకే వైపు జరిగిపోతే, అంటే ఎదుట మనిషి ఉన్నందుకు తెలుగులో అందరూ అన్నిటికీ ఒక మెట్టు తగ్గి చెబితే, ఈ పరీక్షకు ఏమీ కనిపించదు. కొలబద్దే జరిగింది కనుక అన్నీ దానితో సరిపోయినట్టే ఉంటాయి. అందుకే 9 వాక్యాలు నెగ్గినా "తెలుగువాళ్లకు తమ మీద అభిప్రాయం తక్కువ" అనే వాక్యం రాయడానికి అది సరిపోదు. ఒకే గుంపు లోపల, ఉదాహరణకు తెలుగు ప్రతి నింపినవాళ్లలోనే, ఎవరిది ఎక్కువ, అది దేనితో కలిసి నడుస్తోంది అని చెప్పడానికి అంత గట్టి ఆధారం అక్కర్లేదు. నేనైతే మొదటి విడత వ్యాసాన్ని అక్కడికే పరిమితం చేస్తాను.

జయనగర్_సుమ

కొలమానం గారు చెప్పినట్టు పై మూడో వంతు కాగితాలు తీసి చూశాను. తెలుగు ప్రతిలో వాళ్లలో ఎక్కువమంది 8కి "ఒప్పుకుంటాను" అన్నారు. ఇంగ్లీషు ప్రతిలో అలా లేదు.

ఈ వారాంతంలో కొందరిని కూర్చోబెట్టి మాట్లాడించాను. రెండు చదువులూ కళ్లెదుటే కనిపించాయి. సరుకులు చేరవేసే ఉద్యోగంలో ఉన్న ఒక అబ్బాయి "పూర్తిగా ఒప్పుకుంటాను" అని గుర్తుపెట్టాడు. ఎందుకని అడిగితే, "మనిషన్నాక తన మీద తను గౌరవం పెంచుకుంటూ పోవాలి కదండీ, చాల్లే అనుకుంటే ఎదుగుదల ఎక్కడిది?" అన్నాడు. అతని మిగతా జవాబులన్నీ ధీమాగా ఉన్నాయి. ఒక అపార్టుమెంటులో కాపలా పని చేసే ఆయన కూడా అదే జవాబు ఇచ్చి, "గేటు దగ్గర నిలబడేవాడికి ఎవరిస్తారమ్మా గౌరవం, ఇస్తే బాగుండుననే ఉంటుంది" అన్నారు. తన మీద తనకు చిన్నచూపు ఉందని చెప్పినవారు ఒక్కరే. ఆమెదీ అదే జవాబు. ముగ్గురిదీ ఒకే గడి, మూడు వేర్వేరు సంగతులు.

శీర్షిక వసుధ గారు ఊహించినట్టే ఉంది. మార్చేశాను.

తర్జుమా_వసుధ

ఆ కాపలా ఆయన మాట చదివి కాసేపు ఆగిపోయాను. ఆయన నిజాయితీగా చెప్పిన జవాబును మనం తన మీద తనకు గౌరవం లేదని లెక్క వేస్తున్నాం.

వాక్యాన్ని తీసేయడం నాకు ఇష్టం లేదు, మార్చాలి. నా సూచన: "నన్ను నేను తక్కువగా చూసుకుంటాను." కోరిక పోయింది, గౌరవం అన్న మాట పోయింది, లీల గారు చెప్పిన "లేదు" కూడా లేదు. భావం ప్రతికూలమే అయినా వాక్యం అవునన్న రూపంలోనే ఉంది. చదివి వినిపించినా తికమక ఉండదు.

కొలమానం

తెలుగు వాక్యంగా నాకు నచ్చింది. కాని అది 8వ వాక్యం కాదు వసుధ గారూ, కొత్త వాక్యం. మూలంలో కోరిక ఉంది. మనిషి లోటును నేరుగా చెప్పుకోడు, ఇంకొంచెం ఉంటే బాగుండునంటాడు. మీదాంట్లో లోటును ముఖాన ఒప్పుకోవాలి. దానికి "ఒప్పుకుంటాను" అనడం చాలా కష్టం. రెండు ప్రతుల్లోనూ ఒకే వాక్యం ఉందని చెప్పుకునే హక్కు పోతుంది.

ఇంగ్లీషు ప్రతినీ మీ తెలుగుకు తగ్గట్టు మార్చడం ఒక దారి. వెర్నర్, క్యాంప్‌బెల్ 1970లో చెప్పింది అదే, మూలాన్ని కదలని రాయిలా చూడవద్దని. అప్పుడు సుమ గారి రెండు గుంపులూ తమలో తాము పోల్చుకోవచ్చు. కాని ఇతర దేశాల ఫలితాలతో పోల్చడానికి లేకుండా పోతుంది. 2005లో ష్మిట్, ఆలిక్ ఇదే ప్రశ్నావళిని 53 దేశాల్లో పెట్టి చూశారు. ప్రతికూల వాక్యాలను అన్ని దేశాలవాళ్లూ ఒకే రకంగా చదవడం లేదని వాళ్లకూ కనిపించింది. అంటే ఈ లోపం మన తెలుగుది మాత్రమే కాదు.

తర్జుమా_వసుధ

మీరు చెప్పిన తేడాను ఒప్పుకుంటాను. కాని ఇప్పుడున్న వాక్యం మూలంతో మాటల్లో కలిసి, కొలతలో విడిపోయింది. నాది మాటల్లో విడిపోయి, కొలతలో కలవవచ్చు. రెండింటిలో ఏది అనువాదం? పోలిక కోసం మూలాన్నే పట్టుకోవాలంటే, దేన్ని పోలుస్తున్నారో ముందు చెప్పాలి.

రాగిసంకటి

పాతది, కొత్తది రెండూ పెట్టి చూడవచ్చు కదా. సగం కాగితాల్లో పాతది, సగంలో కొత్తది, ఎవరికి ఏది వెళ్లాలో చీటీ తీయాలి. వాదన కంటే అది త్వరగా తేలుస్తుంది.

కొలమానం

పెట్టండి. కొత్తది మిగతా తొమ్మిదింటితో బాగా కలిసినా, దాన్ని 8 అని పిలవవచ్చా అన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంటుంది. కలవడం ఒకటి, అదే కావడం ఒకటి.

జయనగర్_సుమ

తర్వాతి విడతకు ఇలా అనుకుంటున్నాను. రెండు 8వ వాక్యాలనూ సగం సగం కాగితాల్లో పెడతాను. తెలుగు చదవగలిగినవాళ్లలో సగం మందికి వినిపిస్తాను, సగం మంది చేత నింపిస్తాను. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లు కొందరికి కొన్ని వారాల తేడాతో రెండు ప్రతులూ ఇస్తాను, ఏది ముందో చీటీ తీసి. భాషల మధ్య సగటుల పోలికను మొదటి వ్యాసం నుంచి తీసేస్తున్నానని గైడు గారికి చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆ ముగ్గురి జవాబులు రాసి పంపాను, చదువుతానన్నారు.

లీల గారూ, "లేదు" గురించి ఏం చేయమంటారు?

కె.ఆర్.పురం_లీల

నోటి జవాబు తీసుకోకండి. నాలుగు జవాబులనూ నాలుగు అట్టల మీద పెద్ద అక్షరాలతో రాయండి. చదవలేనివాళ్ల కోసం నిండు గ్లాసు నుంచి ఖాళీ గ్లాసు దాకా నాలుగు బొమ్మలు వేయండి. వాక్యం చదివి, "ఈ మాటను మీరు ఎంత ఒప్పుకుంటారు, చూపించండి" అనండి. వేలు పెట్టి చూపిస్తే గొంతును బట్టి ఊహించే పని ఉండదు. మొదట ఒకటి రెండు తేలిక వాక్యాలతో అలవాటు చేయండి, "నాకు కాఫీ అసలు నచ్చదు" లాంటివి. వాళ్లు కాఫీ తాగుతారో లేదో మీకు తెలిస్తే, లేదన్న వాక్యానికి అట్ట సరిగ్గా చూపిస్తున్నారో లేదో అక్కడే పట్టుకోవచ్చు.

ఒక సంగతి మాత్రం నాకూ తెలియదు. మాలాగా తెలుగు మాట్లాడి కన్నడం చదివేవాళ్లకు తెలుగు వాక్యాలనే కన్నడ లిపిలో అచ్చు వేసి ఇస్తే స్వయంగా నింపగలరు. అది మీ తెలుగు ప్రతి కిందకే వస్తుందా, మళ్లీ వేరే ప్రతిగా చూసి అన్ని పరీక్షలూ చేయాలా?

కొలమానం

లీల గారూ, మంచి ప్రశ్న. వాక్యాలు అవే కాబట్టి అనువాదం మళ్లీ అక్కర్లేదు. కాని చదివే వేగం, లిపితో వచ్చే బడి అలవాటు వేరు. వేరే గుంపుగానే గుర్తుపెట్టి, ఒక్కో వాక్యాన్నీ పైన చెప్పిన పద్ధతిలో చూడాలి. తేడా లేదని తేలాకే కలపాలి. కన్నడ లిపిలో తెలుగు ప్రశ్నావళి ఇచ్చి చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి.